ఎముక విరిగిన పిల్లలకు ఆటల నుంచి మినహాయింపు: స్కూలుకు ఇచ్చే ఉత్తరం ఎలా రాయాలి

"సార్, మా వాడికి చెయ్యి విరిగింది. కొన్ని రోజులు ఆటలు ఆడించవద్దు." ఇంతే. కింద ఒక సంతకం.

నేను పీఈటీని. నా చేతికి వచ్చే చీటీల్లో సగం ఇలాగే ఉంటాయి. రాసిన తల్లికో తండ్రికో అంతా చెప్పేశామనే ఉంటుంది. చదివే నాకు మాత్రం ఒక్కటీ తేలదు. ఏ చెయ్యి? కొన్ని రోజులంటే ఎన్ని? పరుగు వద్దా, నడక కూడా వద్దా? గ్రౌండులో నలభై మంది అరుస్తుంటే, వాడు వచ్చి "సార్, నాకు బాగైపోయింది, ఆడతాను" అంటే నేనేం చెప్పాలి?

ఒకసారి ఒక అబ్బాయి చీటీలో "కట్టు ఉన్నన్ని రోజులు ఆటలు వద్దు" అని రాశారు. ఆరు వారాలకు కట్టు విప్పారు. మర్నాడే వాడు ఖాళీ చేత్తో గ్రౌండుకు వచ్చాడు. చీటీ ప్రకారం గడువు అయిపోయింది కదా అని రిలేలో నిలబెట్టాను. పది రోజులు కాకముందే బ్యాటన్ అందుకోబోయి తూలి, అదే చేతి మీద పడ్డాడు. విరిగిన చోటే మళ్లీ విరిగింది. తప్పు చీటీదా, నాదా అని చాలా రోజులు ఆలోచించాను. ఇద్దరిదీ. నేను అడగాల్సింది అడగలేదు, వాళ్లు రాయాల్సింది రాయలేదు.

అందుకే చేతి ఎముక విరిగిన సందర్భాన్నే తీసుకుని, ఉత్తరం ఎలా రాయాలో మొదటి నుంచి చెబుతాను. కాలికైనా, భుజానికైనా పద్ధతి ఇదే. తేదీలు, జాగ్రత్తలు మారతాయి.

ముందు డాక్టరుని అడగాల్సినవి

ఉత్తరం ఇంటికొచ్చాక రాస్తారు గానీ, అందులోకి రావాల్సిన విషయమంతా డాక్టరు గదిలోనే దొరుకుతుంది. అక్కడ టెన్షన్‌లో ఉంటారు, పాప ఏడుస్తూ ఉంటుంది. డాక్టరు "ఆరు వారాలు" అంటారు, మీరు తలూపి వచ్చేస్తారు. ఇంటికొచ్చాక అనుమానం మొదలవుతుంది. ఆరు వారాలు దేనికి? కట్టుకా, ఆటలకా?

ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: "కట్టు ఎన్ని వారాలు? విప్పిన తర్వాత ఆటలు ఇంకా ఎన్ని వారాలు వద్దు?" రెండూ వేర్వేరు గడువులు. చాలామంది మొదటిది తెలుసుకుని ఆగిపోతారు.

ఎందుకు వేర్వేరో కొంచెం చెప్పాలి. ఎముక విరిగిన చోట ముందు మెత్తటి కణజాలం పెరుగుతుంది. అది కొన్ని వారాల్లో గట్టిపడి, విరిగిన రెండు చివరలనూ కలిపి పట్టుకుంటుంది. ఎక్స్‌రేలో ఆ చోట ఎముక చుట్టూ తెల్లగా ఉబ్బినట్టు కనిపించేది అదే. ఆ దశలో కట్టు విప్పుతారు. ఎముక అతుక్కుంది, నిజమే. కానీ అతుక్కోవడం వేరు, పాత బలం రావడం వేరు. ఆ ఉబ్బిన ముద్ద మెల్లగా చెక్కుకుని మళ్లీ మామూలు ఎముకగా మారడానికి నెలలు పడుతుంది. ఈలోగా కట్టులో కదలకుండా ఉన్న కండరాలు సన్నబడి ఉంటాయి, మణికట్టు బిగుసుకుని ఉంటుంది. పడబోతే చెయ్యి సరిగ్గా ఆనించుకునే చురుకు కూడా తగ్గి ఉంటుంది. పిల్లలకేమో కట్టు పోయిందంటే పండగే. ముంజేయి ఎముకలు ఇలా కట్టు విప్పిన తర్వాతి నెలల్లో మళ్లీ విరుగుతాయన్నది ఎముకల డాక్టర్లందరికీ తెలిసిన సంగతి. పచ్చికొమ్మను వంచితే ఒక పక్క చీలి, ఇంకో పక్క వంగి నిలుస్తుంది చూడండి, పిల్లల ఎముకలు తరచూ అలా విరుగుతాయి. అలాంటివాటిలో ఈ భయం ఇంకాస్త ఎక్కువ.

పక్కింటి అబ్బాయికి మూడు వారాల్లో బాగైపోయింది కదా అని ఆ లెక్క మీ పాపకు వేయకండి. మణికట్టు దగ్గర ఎముక కాస్త నొక్కుకుపోయినట్టు విరిగితే సుమారు మూడు వారాల పట్టీతో సరిపోవచ్చు. ముంజేతిలో రెండు ఎముకలూ మధ్యలో విరిగితే కట్టే ఆరు వారాలు ఉండొచ్చు. మోచేతి దగ్గర విరిగితే ఎముక త్వరగానే అతుక్కున్నా, చెయ్యి పూర్తిగా చాపడానికి నెలలు పట్టవచ్చు. ఎముక పెరిగే చోట దెబ్బ తగిలితే అతుక్కున్నాక కూడా డాక్టర్లు చాలాకాలం పిలిచి చూస్తారు. పేరు ఒకటే, చెయ్యి విరగడం. గడువులు మాత్రం ఒకటి కాదు.

ఇంకో రెండు విషయాలు అడిగి రాసుకోండి. మళ్లీ ఎక్స్‌రేకి ఎప్పుడు రావాలి? స్కూల్లో ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఏమన్నా ఉందా? వచ్చేటప్పుడు మెడికల్ సర్టిఫికెట్ కూడా అప్పుడే అడగండి. మరో రోజు అడిగితే అదొక ప్రయాణం. అందులో "విశ్రాంతి అవసరం" అని మాత్రమే రాయబోతే, "ఆటలు ఫలానా తేదీ వరకు వద్దు" అని కూడా రాయమనండి. విశ్రాంతి అన్న మాటకు స్కూల్లో ఒక్కొక్కరు ఒక్కో అర్థం తీస్తారు. కొందరు అసలు స్కూలుకే రావద్దేమో అనుకుంటారు.

వారాలు కాదు, తేదీలు రాయండి

ఇప్పుడు ఒక ఉదాహరణ పట్టుకుని ముందుకు పోదాం. నాలుగో తరగతి పాప. జూలై 8న పడింది. ఎడమ ముంజేతిలో రెండు ఎముకలూ విరిగాయి. ఆపరేషన్ అవసరం లేదన్నారు, సరిచేసి మోచేతి పైదాకా కట్టు వేశారు. డాక్టరు చెప్పినవి ఇవి: కట్టు ఆరు వారాలు. మొదటి రెండు వారాల్లో వారానికోసారి ఎక్స్‌రే, ఎందుకంటే సరిచేసిన ఎముక కట్టులోపలే మళ్లీ పక్కకు జరిగే వీలుంది. కట్టు విప్పాక, పడే అవకాశం ఉన్న ఆటలు ఇంకో ఆరు వారాలు వద్దు.

"పన్నెండు వారాలు" అని ఉత్తరంలో రాస్తే ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో నాకు తెలియదు. పడిన రోజు నుంచా, ఉత్తరం అందిన రోజు నుంచా? క్యాలెండరు తీసి మీరే లెక్క వేసేయండి. జూలై 8 నుంచి ఆరు వారాలు, అంటే 42 రోజులు, ఆగస్టు 19కి పూర్తవుతాయి. అక్కడి నుంచి ఇంకో 42 రోజులు సెప్టెంబరు 30కి. ఎక్స్‌రేలు జూలై 15న, 22న. ఈ ఉత్తరానికి కావాల్సిన అంకెలన్నీ ఇవే.

చివరి తేదీ రాసేటప్పుడు దాని పక్కన ఒక మాట చేర్చాలి: "ఆ రోజు డాక్టరు చూసి ఒప్పుకుంటేనే". తేదీ వచ్చినంత మాత్రాన పాప గ్రౌండులోకి దిగిపోకూడదు. నేను ఆ రిలే రోజు చేసిన పొరపాటు అదే. తేదీ నాకొక తలుపులా కనిపించింది, తెరిచేశాను. తేదీ అంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన రోజు అని ఉత్తరంలోనే ఉంటే అలా జరిగేది కాదు.

"ఆటలు" అంటే ఏమిటో విడదీసి చెప్పండి

చెయ్యి విరిగిన పిల్లల విషయంలో స్టాఫ్‌రూములో తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: "ఫుట్‌బాల్ కాలితోనే కదా ఆడేది, ఆడించొచ్చు." అనేవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. పాప ఒంటరిగా కూర్చోకూడదని జాలితోనే అంటారు. కానీ ఫుట్‌బాల్‌లో పిల్లలు ఎక్కువగా చేసేది పడటమే, పడేటప్పుడు ముందు నేలకు ఆనేది చెయ్యే. పైగా గట్టి కట్టు ఉన్న చెయ్యి పక్క పిల్లాడి మొహానికి తగిలితే అదో దెబ్బ.

అందుకే "చేత్తో ఆడే ఆటలు వద్దు" అని ఎప్పుడూ రాయకండి. "పరుగెత్తే, ఎగిరే, ఒకరినొకరు తగిలే, పడిపోయే అవకాశం ఉన్న ఆటలేవీ వద్దు" అని రాయండి. ఈ ఒక్క వాక్యంలో ఫుట్‌బాల్, రిలే, జిమ్నాస్టిక్స్, ఉయ్యాల, ఎక్కి దిగే ఇనుప నిచ్చెనలు అన్నీ వచ్చేస్తాయి. కట్టు తడవకూడదు కాబట్టి ఈత ఉన్న స్కూలైతే దాన్ని విడిగా పేర్కొనండి.

ఆటల పీరియడ్ ఒక్కటే చూసుకుంటే చాలదు. ఆ పీరియడ్‌లో నేనుంటాను, చూస్తాను. పిల్లలు ఎక్కువగా పడేది నేను లేనప్పుడు: ఇంటర్వెల్‌లో, భోజనాల తర్వాత, బస్సు ఎక్కే తోపులాటలో. కాబట్టి ఇంటర్వెల్ సంగతి కూడా రాయండి. బెల్లు కొట్టడానికి రెండు నిమిషాల ముందు పాపను, తోడుగా ఒక స్నేహితురాలిని, క్లాసు నుంచి పంపితే మెట్ల మీద రద్దీ తప్పుతుంది. ఇది ఏ టీచరైనా సంతోషంగా ఒప్పుకునే కోరిక. తోడు వచ్చే పిల్ల బ్యాగు కూడా పట్టుకుంటుంది.

ఏవి వద్దో చెప్పాక, ఏవి చేయొచ్చో చెప్పండి. దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. వదిలేస్తే ఏమవుతుందో చెబుతాను. "ఆటలు వద్దు" అని ఉన్న పిల్లని కొన్నిచోట్ల ఖాళీ క్లాసులో ఒక్కదాన్నే కూర్చోబెడతారు. చూసేవాళ్లు ఉండరు. అరగంట అయ్యేసరికి పాప బెంచీల మీద నుంచి దూకుతూ ఉంటుంది. గ్రౌండులోనే నీడలో కూర్చోబెట్టడం నయం. స్కోరు రాయించొచ్చు, స్టాప్‌వాచ్ ఇవ్వొచ్చు, నాతోపాటు మెల్లగా నడవనివ్వొచ్చు. మా స్కూల్లో ఒక పాప ఇలా ఎనిమిది వారాలు స్కోరు రాసింది. కట్టు పోయాక కూడా ఆ పుస్తకం ఇంకొకరికి ఇవ్వనంది.

ఆటలకు మార్కులో గ్రేడో ఉండే స్కూలైతే, ఆ మార్కులు ఇంకో రకంగా ఇవ్వగలరా అని ఇదే ఉత్తరంలో ఒక వాక్యంలో అడిగేయండి. టర్ము చివర్లో అడిగితే రిజిస్టరు మూసేసి ఉంటారు.

ఎవరికి రాయాలి

ప్రధానోపాధ్యాయులకు రాయండి. క్లాసు టీచరుకు, ఆటల టీచరుకు ప్రతులు పంపుతున్నట్టు కింద రాయండి. ఒక్క క్లాసు టీచరుకే ఇస్తే అది డైరీలోనే ఉండిపోతుంది. ఒక్క నాకే ఇస్తే, నేను సెలవు పెట్టిన రోజు నా బదులు వచ్చే టీచరుకు తెలియదు.

ఉత్తరం

పైన చెప్పిన పాప కోసం రాస్తే ఇలా ఉంటుంది. గీతలున్న చోట మీ వివరాలు పెట్టుకోండి.

> తేదీ: జూలై 10
>
> ప్రధానోపాధ్యాయులు గారికి,
>
> నమస్కారం.
>
> విషయం: నాలుగో తరగతి విద్యార్థిని \_\_\_\_\_\_కు సెప్టెంబరు 30 వరకు ఆటల నుంచి మినహాయింపు గురించి.
>
> మా అమ్మాయి \_\_\_\_\_\_ (నాలుగో తరగతి, \_\_ సెక్షన్) జూలై 8న పడిపోవడంతో ఎడమ ముంజేతి ఎముకలు రెండూ విరిగాయి. మోచేతి పైదాకా కట్టు వేశారు. డాక్టరు గారి సర్టిఫికెట్ నకలు జతచేశాను.
>
> కట్టు ఆగస్టు 19 వరకు ఉంటుంది. కట్టు విప్పాక కూడా ఎముక పూర్తిగా గట్టిపడే వరకు, అంటే సెప్టెంబరు 30 వరకు, ఆటలు వద్దని డాక్టరు చెప్పారు. ఆ రోజు డాక్టరు చూసి సరేనన్నాకే, నేను రాసి ఇచ్చిన తర్వాతే, తనను మళ్లీ ఆడించవలసిందిగా కోరుతున్నాను. తనే వచ్చి "నాకు తగ్గిపోయింది" అన్నా దయచేసి అనుమతించకండి.
>
> అప్పటివరకు పరుగెత్తే, ఎగిరే, ఒకరినొకరు తగిలే, పడిపోయే అవకాశం ఉన్న ఆటలేవీ వద్దు. ఇంటర్వెల్‌లోనూ ఇదే వర్తిస్తుంది. ఈత వద్దు, కట్టు తడవకూడదు. మెల్లగా నడవడం, కూర్చుని స్కోరు రాయడం వంటివి చేయవచ్చు. ఆటల పీరియడ్‌లో తనను ఒంటరిగా క్లాసులో ఉంచకుండా టీచరు గారి కంటికి కనిపించే చోట కూర్చోబెట్టమని మనవి. మెట్లు దిగేటప్పుడు రద్దీకి ముందే ఒక స్నేహితురాలి తోడుతో పంపితే మేలు.
>
> వేళ్లు బాగా వాచినా, పాలిపోయినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, లేదా నొప్పి ఎక్కువవుతోందని చెప్పినా ఆలస్యం చేయకుండా నాకు ఫోన్ చేయండి: \_\_\_\_\_\_. నేను దొరక్కపోతే: \_\_\_\_\_\_.
>
> జూలై 15న, 22న, ఆగస్టు 19న ఆసుపత్రికి వెళ్లాలి కాబట్టి ఆ రోజుల్లో ఆలస్యంగా వస్తుంది. ఆటలకు ఇచ్చే గ్రేడు విషయంలో వేరే ఏర్పాటు ఏమన్నా వీలవుతుందేమో తెలియజేయగలరు.
>
> ఇట్లు,
> \_\_\_\_\_\_ (తల్లి)
>
> ప్రతులు: క్లాసు టీచరు గారికి, ఆటల టీచరు గారికి

విషయం వరుసలోనే పేరు, చివరి తేదీ ఉన్నాయి చూడండి. హడావుడిలో ఉన్న మనిషి మిగతాది చదవకపోయినా ఆ రెండూ కంట్లో పడతాయి. "తనే వచ్చి తగ్గిపోయింది అన్నా" అన్న వాక్యం కొందరికి అనవసరం అనిపిస్తుంది. నాకైతే ఉత్తరం మొత్తంలో బాగా పనికొచ్చేది అదే. పాప ముందు కఠినంగా ఉండాల్సి వస్తే "మీ అమ్మే రాసింది, నేనేం చెయ్యను" అని తప్పించుకోగలను.

వేళ్ల గురించి రాసిన పేరా తీసేయకండి. కట్టు లోపల వాపు పెరిగి బిగుసుకుంటే రక్తం సరిగా ఆడదు. అది గంటల్లో ముదిరే సమస్య, సాయంత్రం ఇంటికి వెళ్లేదాకా ఆగేది కాదు. ముఖ్యంగా మొదటి కొద్ది రోజుల్లో, స్కూల్లో ఎవరో ఒకరు పాప వేళ్ల వైపు చూడాలి. ఏం చూడాలో రాసిస్తేనే చూస్తారు.

రాయకూడనివి

పాప స్కూల్లోనే పడి ఉంటే, కోపం ఉంటుంది. ఎవరు చూడలేదు, ఎవరు తోశారు, ముందే ఎందుకు ఫోన్ చేయలేదు. అడగాల్సిన ప్రశ్నలే. కానీ వాటిని ఇంకో కాగితం మీద రాయండి. మినహాయింపు కోరే ఉత్తరంలో ఫిర్యాదు కలిపితే, ఆ కాగితం ఆఫీసు ఫైల్లోకి, జవాబులు తయారుచేసుకునేవాళ్ల దగ్గరికి వెళ్తుంది. గ్రౌండులో ఉన్న నాకు చేరదు.

ఇంకోటి, గడువు పెంచి రాయడం. డాక్టరు సెప్టెంబరు 30 అంటే, ఎందుకైనా మంచిదని డిసెంబరు దాకా రాసే తల్లిదండ్రులున్నారు. భయం అర్థమవుతుంది. కానీ సర్టిఫికెట్‌లో ఒక తేదీ, ఉత్తరంలో ఇంకో తేదీ ఉంటే రెండింటినీ నమ్మబుద్ధి కాదు. పాపకూ మంచిది కాదు. కట్టు విప్పిన చెయ్యి వాడితేనే బిగువు వదులుతుంది, కండ వస్తుంది. డాక్టరు చెప్పిన మేరకు వాడనివ్వాలి.

రాసే చెయ్యే విరిగితే పరీక్షలకు అదనపు సమయమో, రాసిపెట్టే మనిషో కావాల్సి వస్తుంది. అది కూడా విడిగానే అడగండి. దాన్ని చూసేవాళ్లు వేరే.

చేతికి ఇవ్వడం

పాప చేతికిచ్చి పంపకండి. ఆడాలని ఉన్న పిల్ల, ఆడొద్దని రాసిన కాగితం ఎంత జాగ్రత్తగా అందిస్తుందో మీరే ఊహించుకోండి. ఒకసారి నాకొక చీటీ మూడు వారాలు ఆలస్యంగా దొరికింది, జామెట్రీ బాక్సులో, స్కేలు కింద, ఎనిమిది మడతలు పడి. ఆ మూడు వారాలూ వాడు "కట్టు ఊరికే వేశారు సార్" అని నన్ను నమ్మించబోయాడు.

వీలైతే పాపను స్కూల్లో దింపే మొదటి రోజు మీరే వెళ్లి ఆఫీసులో ఇచ్చి, మీ దగ్గరుండే కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. సర్టిఫికెట్ అసలుది మీ దగ్గరే పెట్టుకుని నకలు ఇవ్వండి. తర్వాత రెండు నిమిషాలు ఆటల టీచరుని కలవండి. కలవడం కుదరకపోతే ఉత్తరం ఫొటో క్లాసు టీచరుకు పంపి, "ఆటల సార్‌కు చేరిందా?" అని అడగండి. "చేరింది" అన్న జవాబు వచ్చేదాకా పని అయినట్టు కాదు.

కట్టు విప్పిన రోజు రెండో ఉత్తరం

ఆగస్టు 19. కట్టు పోయింది. చెయ్యి సన్నగా, పొడిబారి, పొట్టు రాలుతూ ఉంటుంది. పాప మణికట్టు తిప్పి చూసుకుంటూ నవ్వుతోంది. మొదటి ఉత్తరంలో అంతా రాశాం కదా, మళ్లీ ఎందుకు అనిపిస్తుంది. రాయాలి. జూలైలో ఇచ్చిన కాగితం ఆగస్టు చివరికి ఎవరికీ గుర్తుండదు. అప్పటిదాకా అందరికీ గుర్తుచేసింది ఆ తెల్లటి కట్టు. అది పోగానే పాప అందరి కళ్లకూ మామూలు పిల్లే. ఈ ఆరు వారాలే అసలు ప్రమాదం, ఈ ఆరు వారాలకే గుర్తు ఏమీ ఉండదు.

నాలుగు వాక్యాలు చాలు:

> మా అమ్మాయి \_\_\_\_\_\_కు ఈ రోజు కట్టు విప్పారు. ఎముక అతుక్కుంది కానీ ఇంకా పూర్తి బలం రాలేదు. జూలై 10న ఇచ్చిన ఉత్తరంలో చెప్పినట్టే సెప్టెంబరు 30 వరకు పడిపోయే అవకాశం ఉన్న ఆటలేవీ వద్దు. చెయ్యి మామూలు పనులకు వాడవచ్చని, బరువైన బ్యాగు మాత్రం ఆ చేత్తో ఎత్తవద్దని డాక్టరు చెప్పారు.

చివరి వాక్యం మీ డాక్టరు చెప్పినదాన్ని బట్టి మార్చుకోండి. కొందరు కొన్నాళ్లు పట్టీ పెట్టుకోమంటారు, కొందరు వ్యాయామాలు చెబుతారు. పట్టీ పెట్టుకోమన్నట్టయితే స్కూల్లో ఎవరూ తీయించకుండా ఆ సంగతి కూడా రాయండి.

ఈ ఆరు వారాల్లో ఇంట్లో ఒకటి గమనిస్తూ ఉండండి. పాపను రెండు మోచేతులూ నడుముకు ఆనించి, అరచేతులు పైకి, తర్వాత కిందికి తిప్పమనండి. రెండు చేతులూ ఒకేలా తిరుగుతున్నాయా? ముంజేయి విరిగినప్పుడు తరచూ వెనకబడేది ఈ తిప్పడమే. రోజురోజుకీ తేడా తగ్గుతుంటే బాగానే ఉన్నట్టు. వారాలు గడిచినా ఒక చోటే ఆగిపోయినా, విరిగిన చోట నొక్కితే నొప్పి అంటున్నా, చెయ్యి వంకరగా కనిపించినా సెప్టెంబరు 30 దాకా ఆగకుండా డాక్టరుకు చూపించండి. ఇది చూడటానికే, నిర్ణయించడానికి కాదు. రెండు చేతులూ సమానంగా తిరిగాయని మీరే ఆటకు పంపేయకండి.

మళ్లీ ఆడించమని చెప్పే ఉత్తరం

సెప్టెంబరు 30న డాక్టరు సరేనంటే, అదీ కాగితం మీదే ఇవ్వండి. అది అందేదాకా పాపను నేను ఆడించను. "ఈ రోజు నుంచి ఆటలకు అనుమతి" అని డాక్టరు రాసిన చీటీ నకలు, దాంతో మీ ఒక వాక్యం ఉంటే చాలు. అన్నీ ఒకేసారి మొదలుపెట్టవచ్చా, వరుసగానా అని డాక్టరుని అడిగి అదీ రాయండి. వరుస అంటే నేను సాధారణంగా మొదటి వారం నడక, మెల్లటి పరుగు, తర్వాత బంతి విసరడం, పట్టుకోవడం, అన్నిటికంటే చివర తోపులాట ఉండే ఆటలు పెడతాను. పన్నెండు వారాలు కూర్చున్న పిల్లకు ఆయాసం కూడా త్వరగా వస్తుంది.

ఒకవేళ డాక్టరు ఎక్స్‌రే చూసి "ఇంకో మూడు వారాలు ఆగుదాం" అంటే కంగారు పడనక్కర్లేదు. రెండో ఉత్తరాన్నే తీసి, తేదీ అక్టోబరు 21గా మార్చి, మర్నాడు బడి గంట కొట్టకముందే ఆఫీసులో ఇచ్చేయండి.